పన్నెండో వంతు, పది నెలలకి

జర్మనీలో వోల్ఫ్స్‌బర్గ్ దగ్గర్లోని ఒక చిన్న కంపెనీలో ఇరవై ఆరేళ్ళు జీతాల లెక్కలు చూశాను. పెద్ద కార్ల ఫ్యాక్టరీకి కావలసిన పరీక్షలు చేసిపెట్టే కంపెనీ అది. నేను చేరినప్పుడు పనిచేసేవాళ్ళు ముప్పై ఎనిమిది మంది, వాళ్ళలో భారతీయురాలిని నేనొక్కదాన్నే. పెద్ద చదువులు చదివిన విదేశీయులకిచ్చే బ్లూ కార్డు మీద కుర్రాళ్ళు రావడం మొదలయ్యాక, నేను మానేసే నాటికి నూట పన్నెండు మంది. అందులో పధ్నాలుగు మంది మన తెలుగువాళ్ళే. ఈ అంకెలు గుర్తుండి రాస్తున్నవి కావు. ఏటా జనవరి మొదటి వారంలో నా సొంత పుస్తకంలో రాసి పెట్టుకునేదాన్ని.

కొత్తగా చేరిన మనవాళ్ళు రెండో నెలలోనో మూడో నెలలోనో నా గదికి తప్పకుండా వచ్చేవారు. ఆఫర్ కాగితం మీద ఏడాది జీతం ఒకే అంకెగా ఉంటుంది. దాన్ని పన్నెండుతో భాగించి, నెలకు ఇంత వస్తుందని ఇంటికి చెప్పేసి ఉంటారు. తీరా చూస్తే అంతకంటే తక్కువ. మా దగ్గర ఏడాది జీతం పదమూడు భాగాలు. పన్నెండు భాగాలు నెల నెలా వస్తాయి, పదమూడోది నవంబరు జీతంతో కలిపి వస్తుంది. ఈ సంగతి ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. నేను లెక్కపెట్టని కొద్ది విషయాల్లో ఇదొకటి.

పదమూడో నెల జీతానికి మా ఒప్పందంలో రాసిన సూత్రం చిన్నది. జనవరి నుంచి డిసెంబరు దాకా ఆ మనిషి సంపాదించిన మూల జీతం మొత్తంలో పన్నెండో వంతు. ఓవర్‌టైము కలవదు, రాత్రి షిఫ్టు డబ్బులు కలవవు. ఏప్రిల్ ఒకటిన చేరినవాడికి తొమ్మిది నెలల మూల జీతంలోనే పన్నెండో వంతు. జబ్బు చేస్తే మొదటి ఆరు వారాలు కంపెనీ జీతమిస్తుంది కాబట్టి అవి లెక్కలోకి వస్తాయి. ఆ తర్వాత ఇచ్చేది ఆరోగ్య బీమా వాళ్ళు, అది మా జీతం కాదు, లెక్కలోకి రాదు. ఎవరైనా అడిగితే కాగితం మీద గీతగీసి చూపించేదాన్ని.

ఆ సూత్రం కింద ఇంకో వాక్యం ఉండేది. డిసెంబరు ముప్పై ఒకటి నాటికి కొలువులో ఉన్నవారికే ఈ సొమ్ము. మధ్యలో మానేసినవారికి ఏమీ ఉండదు. నేను చేరకముందు నుంచీ ఉన్న వాక్యం. దాన్ని నేను ఏనాడూ ప్రశ్నించలేదు.

ఒక జూలై పదిహేనో తేదీ, బుధవారం. మా ఇంజనీర్లలో ఒకతను, నల్గొండ వైపు అబ్బాయి, తలుపు దగ్గర నిలబడ్డాడు. కంపెనీలో చేరి రెండేళ్ళు దాటింది. అంతకు ముందు పాడర్‌బోర్న్‌లో ఎమ్మెస్ చదివాడు. ఆఫీసులో నన్ను మేడం అనేవాడు, బయట బస్టాపులో కనబడితే ఆంటీ అనేవాడు. ఆ గీత అతనే గీసుకున్నాడు.

“మేడం, ఒక్కమాట అడగాలె. ఆగస్టు ఆఖరుకి మానేస్తే పదమూడో నెల వస్తదా?”

“మానేస్తున్నావా?”

“ఇంకా ఎవ్వరికీ చెప్పలే. మీరు కూడ చెప్పొద్దు.”

భార్య హైడెల్‌బర్గ్‌లో ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తోంది. గుంటూరు అమ్మాయి, ఇక్కడ చదువుకునేటప్పుడే పరిచయమట. ఇప్పుడు అయిదో నెల. జూన్ చివర డాక్టరు పరీక్ష చేసి ఎక్కువ తిరగొద్దంది, మెట్లు అసలు ఎక్కొద్దంది. ఆమె ఉండేది నాలుగో అంతస్తులో, లిఫ్టు లేదు. ఇతను శుక్రవారం సాయంత్రం రైలెక్కి, ఆదివారం సాయంత్రం తిరిగి వస్తున్నాడు. సెలవులు ఏప్రిల్‌లో ఊరికి వెళ్ళి చాలావరకు వాడేశారు. ప్రసవానికని ఆరు రోజులు దాచి ఉంచాడు. ఇతని పని కార్ల భాగాలను పరీక్షించే టెస్టు బెంచి దగ్గర, ఇంట్లో కూర్చుని చేసేది కాదు. హైడెల్‌బర్గ్ పక్కనే ఒక కంపెనీ సెప్టెంబరు ఒకటి నుంచి చేరమని ఉద్యోగం ఇచ్చింది.

“మరి వెళ్ళడానికేం?”

“అదే గద మేడం. కింద అంతస్తుల ఇల్లు దొరికింది. మూడు నెలల అద్దె డిపాజిట్టు కట్టాలె. రెండు ఊళ్ళల్ల రెండు అద్దెలు కట్టి చేతిల ఏం మిగలలే. పదమూడో నెల వస్తదనుకొనే లెక్కేసుకున్న.” కాస్త నవ్వాడు. “మా ఇంట్ల పదమూడో నెల అంటే అధిక మాసం అనుకుంటరు మేడం. దానికి పూజలు గానీ, జీతముంటదని మా నాయనకు ఇప్పటికీ నమ్మకం లేదు.”

నేనూ నవ్వాను. తర్వాత బీరువాలోంచి ఒప్పందం తీసి, ఆ వాక్యం మీద పెన్సిలు పెట్టి చదివి వినిపించాను. డిసెంబరు ముప్పై ఒకటి.

“అంటే రూపాయి కూడ రాదు?”

“కాగితంలో ఉన్నది ఇది.”

“ఎనిమిది నెలలు చేసినా?”

“చేసినా.”

కాసేపు ఆ వాక్యాన్నే చూశాడు. “మన దగ్గర కూడ అంతే మేడం. బోనస్ రోజు రోల్స్‌ల ఉండాలె, లేకుంటే పాయె. హైదరాబాద్‌ల మా దోస్తులు గట్లనే మార్చి దాకా ఆగి, ఏప్రిల్‌ల కంపెనీ మారుతుండె.” ఆ మాటతో తనను తనే ఒప్పించుకున్నట్టు కనిపించాడు. ఆ అలవాటు మనవాళ్ళందరికీ ఉన్నదే. జర్మనీలో పుట్టి పెరిగినవాడైతే ఎనిమిది నెలలు చేసిన పనికి ఎనిమిది నెలల వంతు ఎందుకు రాదని యూనియన్‌నో వకీలునో అడిగేవాడు. ఇతను అడగలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు వచ్చి చెప్పాడు. కొత్త కంపెనీ వాళ్ళను బతిమాలి, జనవరికి వాయిదా వేయించుకున్నాడట. “ఆమెకి చెప్పిన మేడం. అయిదు నెలలే గద, పంటి బిగువున ఓర్చుకుందాం అన్నది. నీళ్ళాడే రోజు డిసెంబరు మధ్యల అయితది. అప్పటికి సెలవులు పెట్టుకుంట.” నీళ్ళాడే రోజంటే ప్రసవం అని నాకు అర్థమవడానికి క్షణం పట్టింది. మంచిదన్నాను.

ఇప్పుడు రాయవలసింది ఆగస్టు ఇరవై ఒకటో తేదీ గురించి. శుక్రవారం. జీతాల లెక్కలు చూసేవాళ్ళకు నెల నెలా వచ్చే ఒక పత్రిక ఉండేది. మధ్యాహ్నం టీ తాగుతూ అది చదువుతున్నాను. మూడో పేజీలో ఒక వ్యాసం. ఏడాది పొడుగునా చేసిన పనికి జీతంగా ఇచ్చే సొమ్మును, సంవత్సరాంతం దాకా ఉండలేదన్న కారణంతో ఎగ్గొట్టే షరతు చెల్లదని కోర్టులు కొంతకాలంగా చెబుతున్నాయట. మానేసినవాడికి చేసిన నెలల వంతు ఇవ్వాలి. ఇలాంటి వాక్యాలు పాత ఒప్పందాల్లో ఇంకా ఉంటే సరిచూసుకోమని సలహా.

రెండుసార్లు చదివాను. బీరువా తీసి మా వాక్యం చూశాను. అచ్చం అదే.

ఆ సాయంత్రమే అతన్ని పిలిచి చెప్పి ఉండవచ్చు. కానీ ఇరవై ఆరేళ్ళలో నేను ఒక నియమం పెట్టుకున్నాను. సంతకం ఉన్న కాగితం చేతికి రానిదే జీతం గురించి ఎవరికీ ఒక్క మాట చెప్పకూడదు. చేరిన కొత్తలో ఒక డ్రైవరుకి నోటిమాటగా ఒక అంకె చెప్పి, అది తప్పయి, అందరి ముందూ మాట పడ్డాను. అప్పట్నుంచీ ఆ నియమం. నాకు ఆ కంపెనీలో ఉన్న గౌరవమంతా దాని మీదే నిలిచిందని అనుకునేదాన్ని. పత్రికలో వచ్చింది వ్యాసమే తప్ప మా కంపెనీ గురించి రాసిన కాగితం కాదు. సోమవారం మా కంపెనీ వకీలుకి ఉత్తరం రాశాను. ఆయన ఆగస్టు ముప్పై ఒకటి దాకా సెలవులో ఉన్నారని ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. మా ఉద్యోగుల విభాగం పెద్దావిడ కూడా సెలవులోనే ఉంది. సరే, ఆగుదాం అనుకున్నాను. వారం పది రోజులే కదా.

ఆగస్టు ఇరవై ఆరు, బుధవారం, క్యాంటీనులో అతను నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. పళ్ళెంలో ఉడకబెట్టిన బంగాళాదుంపలు, పైన పుల్లటి క్రీము. దాని మీద ఇంటి నుంచి తెచ్చుకున్న కారప్పొడి చల్లుకున్నాడు.

“మీకు కూడ వెయ్యమంటరా?”

“వద్దు. నా కడుపు జర్మన్ పౌరసత్వం తీసుకుంది.”

నవ్వి, ఫోనులో బిడ్డ స్కానింగ్ బొమ్మ చూపించాడు. బూడిద రంగులో ముక్కు తెలుస్తోంది. “మా నాయన ముక్కే మేడం. పాపం.” తర్వాత గొంతు తగ్గించాడు. “ఆమెకి మొన్న రెండుసార్లు నొప్పి వచ్చిందంట. దవాఖానాకి పోయి వచ్చింది, ఒక్కతే. ఏం లేదన్నరంట. నాకు పూర్తిగ చెప్తలేదు, చెప్తే ఉద్యోగం మానేసి వస్తననుకుంటది.”

మాట నాలుక చివరి దాకా వచ్చింది. పదమూడో నెల కోసం ఆగనక్కర్లేదు, అని. ఒక్క వాక్యం. అది చెప్పకుండా, “నీళ్ళు ఎక్కువ తాగమని చెప్పు” అన్నాను. ఆరు పదులు దాటిన దాన్ని, ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

వకీలు జవాబు సెప్టెంబరు మూడున వచ్చింది. వ్యాసంలో ఉన్నదే, సంతకంతో. ఆ వాక్యం నిలవదు, చేసిన నెలల వంతు ఇవ్వాల్సిందే. నాలుగో తేదీ శుక్రవారం ఉదయం తొమ్మిదికి అతన్ని పిలిచాను. కాగితం ముందుపెట్టి చెప్పాను.

అతను ఆనందపడతాడనుకున్నాను. ఆనందపడలేదు. గోడమీది క్యాలెండరు వైపు చూశాడు.

“ఇవ్వాళ కుండిగుంగ్ ఇస్తే?”

కుండిగుంగ్ అంటే ఉద్యోగం వదులుతున్నానని రాసిచ్చే కాగితం. మా ఒప్పందం ప్రకారం ఒక నెల ముందు ఇవ్వాలి, నెలాఖరుకే అమలవుతుంది. “అక్టోబరు ముప్పై ఒకటి,” అన్నాను.

“ఆగస్టు ముప్పై ఒకటి లోపల ఇచ్చి ఉంటే?”

“సెప్టెంబరు ముప్పై.”

“నాలుగు రోజులు,” అన్నాడు. “వకీలు సాబ్ నాలుగు రోజుల ముందు సెలవు నుంచి వచ్చి ఉంటే మంచిగుంటుండె.”

తప్పు వకీలు మీద వేశాడు. నేను దిద్దలేదు.

ఆరోజే కాగితం ఇచ్చాడు. కంపెనీ, ఉద్యోగి ఇద్దరూ ఒప్పుకుని ముందే వదిలే పద్ధతి ఉంది, దాని కోసం నేనే పెద్దావిడ గదిలోకి వెళ్ళి అడిగాను. ఆమె చెడ్డది కాదు. కానీ అక్టోబరు మధ్య దాకా ఒక పెద్ద పరీక్ష నడుస్తోందని, ఆ బెంచి తెలిసినవాడు అతనొక్కడేనని చెప్పింది. “ప్రసవం డిసెంబరులో కదా,” అంది. నిజమే, కాగితం మీద డిసెంబరే. కొత్త కంపెనీ నవంబరులో చేరడానికి సంతోషంగా ఒప్పుకుంది.

అక్టోబరు ఎనిమిది, గురువారం. పదకొండున్నరకి అతను టెస్టు బెంచి దగ్గర్నుంచి చేతి తొడుగులతోనే పరుగెత్తుకుంటూ వచ్చి, వెళ్ళిపోతున్నానని ఎవరికి చెప్పాలో తెలియక నాకు చెప్పాడు. ఆమెను ఆంబులెన్సులో తీసుకెళ్ళారట. నేను కారు తీసి స్టేషనుకి దింపాను. దారంతా ఫోను చెవిదగ్గర పెట్టుకుని అవతల మోగడం వింటూ కూర్చున్నాడు. రైలు పన్నెండు దాటాక. ప్రయాణం నాలుగు గంటలు.

పాప ఒంటిగంట నలభైకి పుట్టింది. అప్పటికి రైలు సగం దూరంలో ఉంది. ఆపరేషన్‌కి సంతకం ఆమే పెట్టింది. తొమ్మిది పేజీల జర్మన్ కాగితం, నొప్పుల మధ్య, ఒక నర్సు పేజీలు తిప్పుతుంటే. పాప బరువు కిలో ఆరువందల యాభై గ్రాములు. గాజుపెట్టెలో పెట్టారు. అతను చేరేసరికి తల్లికి ఇంకా మత్తు వదల్లేదు, బిడ్డను అద్దం అవతలనుంచి చూపించారు.

బిడ్డ బతికింది. ఈ మాట ముందే రాస్తే చదివేవారు అక్కడే తేలికపడతారని, జరిగిన వరసలోనే రాశాను.

దాచిన ఆరు సెలవు రోజులూ అప్పుడు వాడుకున్నాడు. పంతొమ్మిదో తేదీన తిరిగి వచ్చి, మిగిలిన రెండు వారాలూ పనిచేశాడు. క్యాంటీనుకి రాలేదు. బెంచి దగ్గరే రొట్టె తినేవాడని విన్నాను.

అక్టోబరు ముప్పై, శుక్రవారం, అతని ఆఖరి రోజు. బ్యాడ్జీ, తాళాలు ఇచ్చి, చివరి జీతం చీటీ తీసుకోవడానికి నా గదికి వచ్చాడు. లెక్క నేనే చేశాను. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో మూల జీతం నాలుగు వేల రెండు వందల యూరోలు. ఏప్రిల్ నుంచి నాలుగు వేల మూడు వందల యాభై. పది నెలలకి మొత్తం నలభై మూడు వేల యాభై. అందులో పన్నెండో వంతు మూడు వేల అయిదు వందల ఎనభై ఏడున్నర. సెలవు రోజులకీ జీతమున్నది కాబట్టి అవేమీ తగ్గలేదు.

అతను చీటీ చూసి జేబులో పెట్టుకోలేదు. బల్లమీదే ఉంచాడు.

“ఆగస్టుల పోయి ఉంటే ఎంతొస్తుండె మేడం?”

చెప్పకుండా ఉండవచ్చు. కానీ అడిగిన లెక్క చెప్పకపోవడం నాకు చేతకాదు. ఎనిమిది నెలల మూల జీతం ముప్పై నాలుగు వేల మూడు వందల యాభై. పన్నెండో వంతు రెండు వేల ఎనిమిది వందల అరవై రెండున్నర. కాగితం మీద రాశాను.

అతను తీసివేత మనసులోనే చేశాడు. “ఏడు వందల ఇరవై అయిదు.”

“అవును.”

“ఆ రెండు వేల ఎనిమిది వందలే డిపాజిట్టుకి చాలావరకు సరిపోతుండె. తక్కువ పడ్డది దోస్తులను అడుగుతుంటి.”

అప్పుడు నేను చెప్పాను. ఆగస్టు ఇరవై ఒకటిన పత్రికలో చదివానని. కాగితం కోసం ఆగానని. ఆ నెలాఖరులోపు చెప్పి ఉంటే అతను సెప్టెంబరు ముప్పైకే బయటపడి, అక్టోబరు ఎనిమిదిన హైడెల్‌బర్గ్‌లో ఉండేవాడని. తొమ్మిది నెలలకి మూడు వేల రెండు వందల ఇరవై అయిదు వచ్చేదని కూడా రాశాను, ఎందుకు రాశానో తెలియదు. చేతికి అదే అలవాటు.

నేను రాసిన అంకెల వైపు చూశాడు. తర్వాత చాలా మెల్లగా అన్నాడు. “మీరు నోటితోని చెప్పుంటే నేను కాగితం అడుగుతుంటినా ఆంటీ?”

ఆఫీసులో నన్ను ఆంటీ అనడం అదొక్కసారే. చీటీ తీసుకుని వెళ్ళిపోయాడు. తలుపు మెల్లగానే వేశాడు.

ఆ నవంబరులో నా పాత పుస్తకాలు తీసి, సంవత్సరం మధ్యలో మానేసినవాళ్ళకి నేను ఏమీ ఇవ్వకుండా మూసేసిన లెక్కలు వెతికాను. గత మూడేళ్ళలో ముగ్గురు. ఒప్పందంలో అడగడానికి పెట్టిన గడువు ఇద్దరి విషయంలో దాటిపోయిందని వకీలు రాశారు. ఒకరికి పంపించాం. మిగిలిన ఇద్దరి విషయం పెద్దావిడ ముందు మూడుసార్లు ఎత్తాను. మూడోసారి ఆమె, ఇక చాలు అంది. కొత్త ఒప్పందాల్లోంచి ఆ వాక్యం మాత్రం తీసేశారు.

డిసెంబరు తొమ్మిదిన ఇంటికి ఫోను వచ్చింది. ఆడగొంతు, గుంటూరు యాస.

“నమస్కారమండీ అమ్మగారూ. నేను ఆయన భార్యనండి. మీ నంబరు ఆయన ఫోన్లోంచి తీసుకున్నా.”

పాప ఎలా ఉందని అడిగాను. ఇంటికి తెచ్చుకున్నారట, రెండు కిలోల తొమ్మిది వందలు. “పాలు తాగటానికి బద్ధకం, ఏడవటానికి మాత్రం లేదండీ. అంతా వాళ్ళ నాన్నే.” తర్వాత అసలు సంగతికి వచ్చింది. ఆయన రెండు నెలలు బిడ్డ సెలవు పెట్టుకుంటున్నాడు. ఆ నెలలకి ప్రభుత్వం ఇచ్చే డబ్బుకి పాత కంపెనీ జీతం చీటీలు కావాలి, రెండు కనబడటంలేదు. ఆ డబ్బు లెక్కలో పదమూడో నెల కూడా కలుస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. దాన్నిబట్టి ఎన్ని నెలలు పెట్టుకోవాలో చూసుకోవాలి, సోమవారం లోపు దరఖాస్తు వేయాలి.

“ఆయన్నే అడగమనకపోయావా అమ్మా?” అన్నాను.

“మీకు ఫోన్ చెయ్యనన్నాడండీ,” అంది. “కోపం కాదులెండి. కోపమైతే నాతో అరిచేవాడు. ఆ రోజు మాట వస్తే లేచి పక్క గదిలోకి వెళ్ళిపోతాడు. నేను పెట్టిన సంతకం కాగితం నకలు ఫైల్లో ఉంటే, దాన్ని తీసి ఎక్కడో దాచాడు.”

నా వల్లే అని మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే ఆపింది.

“అమ్మగారూ, నేనా రోజు ఒక్కదాన్నే ఉన్నా. అది ఎవరు చెప్పినా చెప్పకపోయినా పోదండి. ఇప్పుడు నాకు సోమవారం సంగతి చెప్పండి.”

చీటీలు రేపు ఉదయమే పోస్టులో వేస్తానన్నాను. పదమూడో నెల ఆ లెక్కలో కలవదని, నెలనెలా వచ్చే జీతమే చూస్తారని నాకు తెలుసు. కానీ అది మా శాఖ పని కాదు, దానికి వేరే ఆఫీసుంది, నా దగ్గర ఆ ఆఫీసు కాగితం లేదు.

“కలవదమ్మా,” అన్నాను. “నాకు తెలిసినంతవరకు ఇది. ఆ ఆఫీసు వాళ్ళని కూడా ఒకసారి అడుగు. వాళ్ళు జవాబివ్వడం ఆలస్యమైతే ఆగకు, దరఖాస్తు వేసెయ్యి.”

“సరేనండీ,” అంది. వెనక పాప ఏడుపు మొదలైంది. ఎవరో ఎత్తుకున్నట్టున్నారు, ఏడుపు దూరమైంది. ఉంటానండీ అని ఆమె ఫోను పెట్టేసింది.